ట్రైనీ రిపోర్టర్ ఉద్యోగానికి దరఖాస్తు లేఖ

కళ్యాణదుర్గం,
16 జూన్ 2025

గౌరవనీయులైన ఎడిషన్ ఇన్‌చార్జి గారికి,
అనంతపురం.

విషయం: ట్రైనీ రిపోర్టర్ ఉద్యోగం కోసం దరఖాస్తు

నమస్కారం.

నిన్నటి ఆదివారం మీ పత్రికలో ట్రైనీ రిపోర్టర్లు కావాలన్న ప్రకటన చూసి ఈ లేఖ రాస్తున్నాను. తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఈ ఏడాదే జర్నలిజంలో పీజీ పూర్తి చేశాను. మాది కళ్యాణదుర్గం మండలంలోని ఒక పల్లె. నాన్న వేరుశనగ, టమాటా పండిస్తారు. పంటలు, మార్కెట్లు, సాగునీళ్ల మీద మండలాల్లో తిరిగి వార్తలు రాయాలని నా కోరిక. డెస్క్‌లో ఖాళీ ఉన్నా సరే, నేను అడుగుతున్నది మాత్రం రిపోర్టింగే.

పీజీ రెండో ఏడాదిలో మా విభాగం ల్యాబ్ జర్నల్ కోసం మన జిల్లాలోని ఒక టమాటా మండీ మీద కథనం రాశాను. ఏ రైతును కదిపినా ఒకటే మాట, దింపిన బాక్సులకూ మండీ రాసిచ్చే పట్టీలో పడిన బాక్సులకూ పొంతన ఉండదని. ఆ మాటను అలాగే వేస్తే ఆరోపణగా మిగిలిపోతుంది, మండీవాళ్లు కాదంటే అక్కడితో సరి. అందుకే కాగితాల కోసం వెతికాను. పొలాల నుంచి సరుకు తెచ్చే బొలెరో డ్రైవర్లు ఏ రైతువి ఎన్ని బాక్సులో చిన్న నోటుబుక్కులో రాసుకుంటారు. బాడుగ బాక్సుల లెక్కనే వస్తుంది కాబట్టి ఆ అంకె దగ్గర వాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. ఆ నోటుబుక్కునూ మండీ ఇచ్చిన పట్టీనీ పక్కపక్కన పెడితే తేడా తేలిపోయింది. ఒక రైతు 60 బాక్సులు దింపితే 56 బాక్సులకే డబ్బు కట్టారు. కమీషన్, హమాలీ మళ్లీ వేరే. మిగిలిన నాలుగూ 'జాక్‌పాట్' కింద కొన్న వ్యాపారికి ఉత్తగానే వెళ్లాయి.

మండీ యజమానిని అడిగితే దారిలో నలిగేది, కుళ్లేది వ్యాపారి నెత్తిన పడుతుందని, ఇది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ అని చెప్పాడు. ఆయన వాదనను కత్తిరించకుండా కథనంలో పెట్టాను. అయితే ఇన్ని తెలిసినా రైతు వేరే మండీకి ఎందుకు పోడు? నాకు అసలు వార్త అక్కడే కనపడింది. నారు కొన్నది మొదలు కట్టెలు, వైరు దాకా పెట్టుబడికి ఆ మండీలోనే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. బాకీ తీరేదాకా సరుకు అక్కడికే తోలాలి. కాబట్టి ఆ రైతు పేరు వేయలేదు. పట్టీ ఫోటోలో పేరు, తేదీ కనపడకుండా చేసి అంకెలు మాత్రం చూపించాం. పేరు లేకపోతే కథనానికి బలం తగ్గుతుందని క్లాసులో వాదన జరిగింది. మర్నాడు మళ్లీ అదే గేటులోంచి లోపలికి పోవాల్సిన మనిషి ఆయన, మేం కాదు. ఆ విషయంలో నేను ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

మీ జిల్లా పేజీల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో పేపరు రాగానే నాన్న మొదట చూసేది మార్కెట్ ధరలు. చిన్న అక్షరాల్లో మూల ఉండే ఆ పెట్టెను చూసుకునే ఈ రోజు కోయాలా, రెండు రోజులు ఆగాలా అన్నది తేల్చుకుంటారు. హెడ్డింగులోకి మాత్రం ఎక్కువసార్లు ఆ రోజు పలికిన గరిష్ఠ ధర ఎక్కుతుంది. ఆ ధర ఒకే ఒక్క లాటుకు వచ్చి ఉండొచ్చు. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో చెప్పే మోడల్ ధర మార్కెట్ లెక్కల్లో ఉంటుంది. అది కూడా వేస్తే పొద్దున్నే బాడుగ మాట్లాడుకునే రైతుకు నిజంగా పనికొస్తుంది. నాకు అవకాశం ఇస్తే ఆ పెట్టె కోసం రోజూ తెల్లవారకముందే మార్కెట్‌లో ఉండడానికి సిద్ధం.

రాయాలని మనసులో పెట్టుకున్న ఇంకో అంశం పంటల బీమా. 2016 ఖరీఫ్ నుంచి మార్చిన రూపంలో అమల్లోకి వచ్చిన పథకాల్లో వాతావరణ ఆధారిత బీమా ఒకటి. అందులో రైతు చేనులో పడిన వానతో పని లేదు, ఆ ప్రాంతానికి చూపించిన వాతావరణ కేంద్రంలో నమోదైన లెక్కే లెక్క. మన దగ్గర వాన ఎట్లా పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ గట్టున తడిస్తే ఆ గట్టున దుమ్ము లేస్తుంది. ఒక మండలంలో ఆ కేంద్రం ఎక్కడుంది, పనిచేస్తోందా, ఎండిన పల్లెకు ఎంత దూరం, ఆ లెక్క రైతు ఎక్కడ చూసుకోవచ్చు అన్నవి కాళ్లతో తిరిగి రాయాల్సిన వార్తలు. సీజన్ ముగిశాక పరిహారం రాలేదని రాసేకంటే వేరుశనగ ఊడలు దిగే సమయంలోనే ఇవి రాస్తే మేలని నా నమ్మకం.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు రాయడం వచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదని, మండల స్థాయిలో 5 రూపాయలని, ఆ పైన 10 రూపాయలని చాలామంది రైతులకు తెలియదు. అడిగినవాళ్లకు నేనే రాసిస్తుంటాను. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టాల సెక్షన్లు చదువుకున్నాను. పోక్సో కేసుల్లో బాధితుల పేరే కాదు, ఊరు, బడి, బంధువుల వివరాలతో కూడా ఆనవాలు బయటపడకూడదన్న నియమం బాగా గుర్తుంచుకున్నాను. అనూలోనూ యూనికోడ్‌లోనూ టైపు చేస్తాను. కన్నడం మాట్లాడతాను, చదువుతాను. రాయదుర్గం, మడకశిర వైపు పంపినా ఇబ్బంది ఉండదు.

ఆడపిల్లవి, రాత్రిపూట ప్రమాదం జరిగిందంటే ఎట్లా పోతావని మా బంధువులే అడిగారు. ఇంటర్వ్యూలో మీరూ అడగొచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను: బండి ఉంది, లైసెన్సు ఉంది, అమ్మానాన్నల సమ్మతి ఉంది. పురుష రిపోర్టరుకు ఏ బీటు ఇస్తారో నాకూ అదే ఇవ్వండి. చెరువు నీళ్ల గొడవ రాయడానికి పోయినప్పుడు రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లతోపాటు బోరు దగ్గర బిందెలతో నిలబడినవాళ్లు కూడా నాతో మాట్లాడతారు. ఇంట్లో ఎన్ని బిందెలు కావాలో, ఎన్ని వస్తున్నాయో కచ్చితంగా చెప్పేది వాళ్లే.

ఏడాది శిక్షణ, జిల్లాలో ఎక్కడికి పంపినా పనిచేయాలన్న మీ షరతులు రెండూ నాకు సమ్మతమే. జులై 1 నుంచి చేరగలను. మండీ కథనం ప్రతి, ల్యాబ్ జర్నల్‌లో వచ్చిన మరో రెండు వార్తలు, మార్కుల జాబితాల నకళ్లు ఈ లేఖతో జతచేశాను. ఫోన్ నంబరు, పూర్తి చిరునామా దరఖాస్తు ఫారంలో ఉన్నాయి. రాత పరీక్షకు గానీ ఇంటర్వ్యూకు గానీ ముందురోజు కబురు చేసినా అనంతపురం రాగలను. కథనానికి ఆధారమైన పట్టీల నకళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, చూస్తామంటే ఆ రోజు తీసుకొస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. హరిత