బాకీ రూ. 7,43,860 – చట్టపరమైన చర్యకు ముందు చివరి నోటీసు

కావలి,
06-10-2025

స్పీడ్ పోస్టు ద్వారా (అందినట్టు రుజువుతో). కాపీ వాట్సాప్‌లో కూడా పంపుతున్నాను.

శ్రీనివాసులు గారికి,
రొయ్యల కొనుగోలు వ్యాపారం,
అల్లూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

విషయం: 2024 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మా ఐస్ ఫ్యాక్టరీ నుంచి మీకు తోలిన ఐస్ తాలూకు బాకీ; 15-09-2025 తేదీతో మీరిచ్చిన రూ. 2,00,000 చెక్కు తిరిగి రావడం.

శ్రీనివాసులు గారూ, నమస్కారం.

ఈ బాకీ గురించి మీకు నేను రాస్తున్న చివరి ఉత్తరం ఇది. మీరు నాకివ్వాల్సిన అసలు రూ. 7,43,860 (ఏడు లక్షల నలభై మూడు వేల ఎనిమిది వందల అరవై రూపాయలు). 2025 అక్టోబరు 31, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోగా ఈ డబ్బు మా ఖాతాలో పడాలి. అందులో బౌన్సయిన చెక్కు తాలూకు రూ. 2,00,000 మాత్రం ఈ ఉత్తరం మీకు అందిన రోజు నుంచి 15 రోజుల్లోపే కట్టాలి. ఆ గడువు చట్టం పెట్టింది, దాన్ని పెంచడం నా చేతుల్లో లేదు.

లెక్క మీకు తెలిసిందే అయినా కాగితం మీద ఉండాలి కాబట్టి మళ్లీ రాస్తున్నాను. టన్నుకు రూ. 2,200, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపి రూ. 2,310 చొప్పున:

ఫిబ్రవరి 2024 – 62 టన్నులు – రూ. 1,43,220
మార్చి – 118 టన్నులు – రూ. 2,72,580
ఏప్రిల్ – 146 టన్నులు – రూ. 3,37,260
మే – 131 టన్నులు – రూ. 3,02,610
జూన్ – 49 టన్నులు – రూ. 1,13,190
మొత్తం 506 టన్నులు – రూ. 11,68,860

మీరు కట్టినవి: 2024 మార్చి 27న రూ. 1,50,000, ఏప్రిల్ 30న రూ. 1,50,000, జూలై 20న రూ. 1,00,000, డిసెంబరులో రూ. 25,000. అన్నీ కలిపి రూ. 4,25,000. మిగిలింది రూ. 7,43,860. ఆ రూ. 25,000 తర్వాత ఇవాళ్టి వరకు ఒక్క రూపాయి కూడా రాలేదు.

ఈ అంకెల మీద మనకు తగాదా లేదు. 2025 మార్చి 31 నాటికి ఇంత బాకీ ఉందని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద మీరే సంతకం చేసి, స్టాంపు వేసి ఇచ్చారు. బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం ఉంటే, దావా వేయడానికి ఉన్న మూడేళ్ల కాలం ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే రోజులు గడిస్తే బాకీ మురిగిపోతుందన్న ఆలోచన ఎవరైనా మీకు చెప్పి ఉంటే, అది నమ్మవద్దు.

ఐస్ తక్కువగా వచ్చిందనీ, దారిలో కరిగిపోయిందనీ ఈ మధ్య మీ గుమాస్తా ఒకరి దగ్గర అన్నట్టు నా చెవిన పడింది. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క అని సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం చెబుతోంది. మీ నుంచి అలాంటి కాగితం ఒక్కటీ రాలేదు. ప్రతి లోడుకూ చలానా ఉంది, ప్రతి చలానా మీద చెరువు దగ్గర సరుకు దించుకున్న మీ మనిషి సంతకం ఉంది. ఏప్రిల్‌లో విడవలూరు వైపు ఆ పెద్ద రొయ్యల పట్టుబడి రోజు మీకు గుర్తుండాలి. రాత్రి కరెంటు పోయింది. ఇంకో లోడు అర్జెంటుగా పంపమని మీరు ఫోన్ చేశారు. జనరేటర్ మీద క్రషర్ నడిపించి, తెల్లవారేలోగా బండి చెరువు గట్టు మీద పెట్టాం. ఆ రాత్రి చలానా మీద సంతకం వంకరగా ఉంటుంది, సెల్‌ఫోన్ లైటు వెలుగులో పెట్టింది. ఆ రోజు రొయ్య పాడవకుండా కంపెనీకి చేరిందంటే ఆ ఐస్ వల్లే. దాని డబ్బు కూడా ఇంకా మీ దగ్గరే ఉంది.

అమెరికా సుంకాల వల్ల కంపెనీలు రేట్లు తగ్గించాయనీ, డబ్బు తిరగడం లేదనీ సెప్టెంబరులో చెప్పారు. ఇబ్బంది నిజమే. ఆగస్టు 27 నుంచి 50 శాతం సుంకం పడ్డాక మన జిల్లాలో రొయ్య మీద బతికే ప్రతి ఒక్కరికీ టెన్షన్‌గానే ఉంది, మాకూ ఉంది. కానీ మన బాకీ ఈ ఏటిది కాదు. మీకు ఇచ్చిన చివరి బిల్లు 2024 జూన్ 30వ తేదీది. బిల్లు మీదే రాసిన 15 రోజుల గడువు జూలై 15తో తీరిపోయింది. ఆ సరుకు మీరు అప్పటి ధరకు అమ్ముకున్నారు, అప్పుడే డబ్బు చేసుకున్నారు. పదమూడు నెలల తర్వాత వచ్చిన సుంకాన్ని దానికి కారణంగా చూపించడం న్యాయం కాదు.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. ఐస్ ఫ్యాక్టరీకి అమ్మకం ఉన్నా లేకపోయినా కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. కంప్రెసర్లు ఆపితే ఉప్పునీళ్ల ట్యాంకు వేడెక్కిపోతుంది, మళ్లీ చల్లబరచాలంటే కరెంటు రెట్టింపు కాలుతుంది. అందుకని ఆపలేం. మీ బాకీ రాక, ఆ లోటు పూడ్చడానికి నేను బయట వడ్డీకి తెచ్చాను. దిమ్మలు లాగే కుర్రాళ్లకు జీతాలు ఆపలేదు, ఆపను కూడా. మీ దగ్గర ఆగిపోయిన డబ్బుకు ఇంతకాలం మా పనివాళ్ల కుటుంబాలూ నేనూ భారం మోశాం. ఇక మోయలేం.

చెక్కు విషయానికి వస్తాను. మీరిచ్చిన రూ. 2,00,000 చెక్కును కావలిలోని మా బ్యాంకులో వేశాను. ఖాతాలో డబ్బు చాలదని రాసి, 17-09-2025 తేదీ మెమోతో తిప్పి పంపారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఆ రూ. 2,00,000 చెల్లించమని ఈ ఉత్తరం ద్వారా మిమ్మల్ని డిమాండ్ చేస్తున్నాను. ఇదే ఆ సెక్షన్ కింద నోటీసు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లోపు క్రిమినల్ ఫిర్యాదు వేస్తాను. చెక్కు వేసిన మా బ్రాంచి కావలిలోనే ఉంది కాబట్టి కేసు కావలి కోర్టులోనే నడుస్తుంది. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు ఆదేశించే వీలుంది.

మొత్తం బాకీ సంగతి వేరే దారిలో నడుస్తుంది. మా ఫ్యాక్టరీకి ఉద్యం రిజిస్ట్రేషన్ 2021 నుంచీ ఉంది, మీకు సరఫరా మొదలు కాకముందే. ఆ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా ఉంది. అందుచేత 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం మాకు వర్తిస్తుంది. ఒప్పందం ఏదైనా సరే 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదని ఆ చట్టం. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా అసలులో కలుస్తూ చక్రవడ్డీ పడుతుంది. 2024లో ఆ రేటు 6.75 శాతం, అంటే వడ్డీ ఏడాదికి 20.25 శాతం. ఇప్పుడు 5.75 శాతం, అంటే 17.25 శాతం. ఇవాళ్టి రేటు ప్రకారం అసలు మీదే నెలకు పది వేల ఆరు వందల పైచిలుకు పెరుగుతోంది. అసలులో కలిసిన పాత వడ్డీ మీద పడే వడ్డీ దీనికి అదనం.

31వ తేదీ దాటితే నవంబరు 3, సోమవారం నాడు చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వేస్తాను. కౌన్సిల్ ముందు రాజీకి పిలుస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు పంపుతుంది. అక్కడ వచ్చే తీర్పును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. దాని మీద మీరు కోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. ఆదాయపన్ను లెక్కల్లో కూడా ఇలాంటి బాకీని మీరు నిజంగా కట్టేదాకా ఖర్చు కింద తీసివేసుకోనివ్వరు, ఈ వడ్డీకైతే ఎప్పటికీ మినహాయింపు లేదు. మీ ఆడిటర్‌ను ఒకసారి అడిగి చూడండి, నా మాట మీద ఆధారపడనక్కర్లేదు. చెక్కు కేసు, కౌన్సిల్ ఫిర్యాదు ఒకదానికొకటి అడ్డు కావు. రెండూ ఒకేసారి నడుస్తాయి. వాటి ఖర్చులన్నీ మీ నుంచే ఇప్పించమని కోరతాను.

అసలు మొత్తం 31లోగా వస్తే ఇప్పటిదాకా పడిన వడ్డీ ఒక్క రూపాయి కూడా అడగను. చెక్కు తిరిగిచ్చి, నో డ్యూస్ కాగితం అదే రోజు మీ చేతికిస్తాను. ఒక్కసారిగా కట్టలేననుకుంటే 24వ తేదీలోపు మీరే కావలి రండి. చెక్కు తాలూకు రూ. 2,00,000తో కలిపి 31లోగా రూ. 4,00,000, మిగతా రూ. 3,43,860 డిసెంబరు 31లోగా కడతానని స్టాంపు పేపరు మీద రాసిచ్చి సంతకం చేస్తే ఒప్పుకుంటాను. అయితే చెక్కు డబ్బుకు 15 రోజుల గడువు అప్పుడు కూడా మారదు. ఇంతకు మించి తగ్గలేను. ఫోన్లో ఇచ్చే మాటను ఇక లెక్కలోకి తీసుకోను. మీరు మొన్నటిదాకా అన్నా అని పిలిచిన మనిషినే, కానీ ‘వారం ఆగన్నా’ అన్న మాట విని విని విసిగిపోయాను.

డబ్బును ఇన్‌వాయిస్ కింద ఉన్న మా కరెంటు ఖాతాకు ఆర్టీజీఎస్ గానీ నెఫ్ట్ గానీ చేయండి. క్యాష్ తీసుకోను. చెక్కు కూడా తీసుకోను, డిమాండ్ డ్రాఫ్ట్ అయితే సరే. ఈ బాకీ తీరేవరకు మీ పట్టుబడులకు ఐస్ పంపను, ముందు డబ్బు కట్టినా సరే.

ఇంకొక మాట. ఈ సంగతి నేను రైతుల దగ్గర గానీ, మిగతా ఐస్ ఫ్యాక్టరీల వాళ్ల దగ్గర గానీ ఎత్తలేదు. మీ పేరు బజారుకెక్కించి డబ్బు రాబట్టుకోవాలన్న ఆలోచన నాకు లేదు. కేసు వేస్తే మాత్రం అది కోర్టు రికార్డు, దాన్ని నేను దాచలేను.

ఈ ఉత్తరంలో వదులుకుంటానన్న వడ్డీ గానీ, ఇచ్చిన వాయిదా గానీ పైన చెప్పిన గడువుల వరకే. అవి దాటితే చట్టం నాకిచ్చిన హక్కులన్నీ పూర్తిగా వాడుకుంటాను.

ఇట్లు,
మాల్యాద్రి
ప్రొప్రయిటర్, ఐస్ ఫ్యాక్టరీ, కావలి

జత చేసినవి: ఇన్‌వాయిస్‌లు, సంతకాలున్న చలానాల కాపీలు, ఖాతా లెక్క, 31-03-2025 నాటి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాపీ, చెక్కు, బ్యాంకు రిటర్న్ మెమో కాపీలు, ఉద్యం సర్టిఫికెట్ కాపీ.

కాపీ: మా లాయరు గారికి, కావలి – నవంబరు 3న ఫైల్ చేయడానికి కాగితాలు సిద్ధం చేయవలసిందిగా.