సబ్జెక్ట్: 12,000 కాటన్ సంచుల ఆర్డర్ - శాంపిల్, కస్టమ్స్ ఖర్చుల గురించి

నమస్తే అండి,

మీరు పంపిన కేటలాగ్ చూశాం, చాలా నచ్చింది. తెలుగులోనే మాట్లాడుకోవచ్చని మీరన్నారు కాబట్టి అలాగే రాస్తున్నా. మాకు 12,000 కాటన్ క్యాన్వాస్ సంచులు కావాలి, సైజు 38 x 42 సెంటీమీటర్లు, అడుగున 10 సెంటీమీటర్ల మడత, గుడ్డ 280 జీఎస్ఎం, ఒకే రంగు ప్రింట్. నాకు ఎఫ్ఓబీ రేటు చాలు, షిప్ బుకింగు, ఇక్కడి డ్యూటీ అంతా మేమే చూసుకుంటాం.

ముందు 6 శాంపిల్స్ పంపండి. సంచులకీ, కొరియర్‌కీ ఎంతవుతుందో విడివిడిగా ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో రాసిస్తే మొత్తం మేమే ముందే కట్టేస్తాం, మీ జేబులోంచి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. పెద్ద ఆర్డర్ ఆశ చూపించి చిన్న ఎక్స్‌పోర్టర్ల దగ్గర ఊరికే శాంపిల్స్ తీసుకోవడం నాకు అస్సలు నచ్చదండి. ఆర్డర్ ఖాయమయ్యాక ఆ డబ్బు ఫైనల్ బిల్లులో తగ్గిస్తారా లేదా అనేది మీ ఇష్టం, కానీ ఏదో ఒకటి ఇప్పుడే చెప్పేయండి.

శాంపిల్ పార్సిల్ మీద విలువ సున్నా అని మాత్రం వేయొద్దు, ఫ్రీగా పంపినా కస్టమ్స్ కోసం అసలు విలువ రాయాల్సిందే, లేకపోతే ఇక్కడ పార్సిల్ ఆపేసి ప్రశ్నలు మొదలుపెడతారు. సంచి లోపల చెరగని ఇంకుతో శాంపిల్ అని రాసేయండి. ఇంకో మాట, మీ కొటేషన్‌లో హెచ్ఎస్ కోడ్ 6305.20 అని ఉంది, అది సరుకు ప్యాకింగ్‌కి వాడే బస్తాల కోడ్, మనవి చేతిలో పట్టుకుని తిరిగే షాపింగ్ సంచులు కదా, మా బ్రోకరైతే 4202.92 కిందకి వస్తాయంటున్నాడు. డ్యూటీ మారిపోతుంది, అందుకే ఒకసారి మీ కస్టమ్స్ ఏజెంట్‌ని కూడా అడిగి చెప్పండి. మీ వైపు ఎగుమతి క్లియరెన్సు, పోర్టు ఛార్జీలు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఫీజు ఎఫ్ఓబీ రేటులో కలిపేశారా, విడిగా వేస్తారా?

శాంపిల్ రాగానే నేను మొదట చూసేది పిడి. పిడి సంచికి కలిసే చోట చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ కుట్టు వేయాలి, ఒక్క గీత కుట్టు అయితే బరువు పెట్టగానే అక్కడే ఊడిపోతుంది. ప్రింట్‌ని తడిగుడ్డతో రుద్ది చూస్తాం, రంగు అంటకూడదు.

పేమెంట్ 30 శాతం అడ్వాన్సు, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూశాక టీటీలో. ఎల్‌సీ అయితేనే మీకు ధైర్యమంటే దానికీ సిద్ధమే.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా, మా పేరు చెప్పి ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజనో కస్టమ్స్ క్లియరెన్సనో మిమ్మల్ని డబ్బు అడిగితే కట్టకండి, మేము అలా ఎప్పుడూ అడగం. నాకు ఫోన్ చేయండి. మా కంపెనీ రిజిస్ట్రేషన్ కాపీ, ఇంపోర్టర్ నంబరు అటాచ్ చేశా, మీ బ్యాంకు ద్వారా వాకబు చేసుకున్నాకే పని మొదలుపెట్టండి, మేమేం అనుకోం.

ప్రొఫార్మా శుక్రవారం లోపు వస్తే శాంపిల్ డబ్బు సోమవారమే పంపిస్తా.

ఉంటానండి