గుంటూరుకు నా బదిలీ, ఇక్కడి పనుల అప్పగింత

అందరికీ నమస్తే.

నిన్న సాయంత్రం హెడాఫీసు నుంచి ఆర్డర్ వచ్చింది. నన్ను గుంటూరు కోల్డ్ స్టోరేజీకి బదిలీ చేశారు. సెప్టెంబర్ 30 ఇక్కడ నా ఆఖరి రోజు, అక్టోబర్ 5న అక్కడ జాయిన్ కావాలి. ఆ నోటా ఈ నోటా వినేకన్నా నా ద్వారానే మీకు తెలియాలని రాత్రే కూర్చుని రాస్తున్నా. పిల్లల చదువులున్నాయి కాబట్టి ఇంట్లోవాళ్లు ఏప్రిల్ దాకా హనుమకొండలోనే ఉంటారు. నేను బతుకమ్మకు ఎట్లాగూ వస్తా.

నా స్థానంలోకి ఖమ్మం నుంచి వేణు గారు వస్తున్నారు. 14న చేరుతారు. అంటే ఇద్దరం కలిసి పనిచేయడానికి పదిహేను రోజుల పైనే దొరుకుతాయి. ఆ రోజులన్నీ నాకు కావాలని నేనే అడిగాను. ఎందుకో సదయ్య అన్నకు తెలుసు.

ఆరేళ్ల కింద నేను చేరేనాటికి నాకు ముందున్నాయన వెళ్లిపోయి వారమైంది. రిజిస్టర్లు ఉన్నాయి, తాళాలు ఉన్నాయి. కానీ ఏ లాట్ ఏ వరుసలో ఉందో ఆయన మనసులోనే ఉండిపోయింది. నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతు ట్రాలీ మాట్లాడుకొని వచ్చాడు. ఆయన 62 బస్తాల తేజ మిర్చి కోసం హమాలీలు రెండో చాంబర్ అంతా వెతికారు. రెండు రోజులు గేటు దగ్గర వేపచెట్టు కిందే పడుకున్నాడాయన. దొరికేసరికి ఎనుమాములలో ధర పడిపోయింది. బాండ్ కాగితం చేతిలో పట్టుకొని నన్ను ఒక్క మాట అనకుండా చూసిన ఆ చూపు నాకు ఇంకా గుర్తే. వేణు గారి ముందు ఏ రైతూ అట్లా నిలబడొద్దు.

అందుకే 15 నుంచి రోజుకు సగం చాంబర్ చొప్పున బస్తాలు లెక్కపెడదాం. నేను, వేణు గారు, లావణ్య ముగ్గురం ఉంటాం. రిజిస్టర్ చూసి బస్తా వెతకడం కాదు. బస్తా మీది నంబర్ చూసి రిజిస్టర్‌లో టిక్ పెట్టాలి. తేడా వస్తే అక్కడే ఆగి తేల్చుకుందాం. లెక్క పూర్తయిన చాంబర్‌కు ముగ్గురం సంతకాలు పెడతాం. పొద్దున 6 నుంచి 9 వరకే లెక్కింపు. ఎండెక్కాక తలుపులు తెరిచి పెడితే చలి పోతుంది.

నేటి నుంచి డెలివరీలు లావణ్య చూస్తుంది. ఆమె చేతికిందే నేర్చుకున్న మహేశ్ తోడుంటాడు. ఇద్దరికీ ఒకటే చెప్తున్నా. ఒకే ఊరిలో ఒకే పేరున్న రైతులు మనకు తొమ్మిది మంది ఉన్నారు. పేరు చూసి గేట్ పాస్ రాయొద్దు. బాండ్ నంబర్, తండ్రి పేరు, లాట్ నంబర్ మూడూ కలవాలి. బాండ్ మీద బ్యాంకు ముద్ర ఉంటే, బ్యాంకు నుంచి విడుదల లెటర్ వచ్చేదాకా ఎవరు ఫోన్ చేసినా సరుకు కదలొద్దు. నా పేరు చెప్పినా సరే. లోన్ ఉన్న బాండ్ల జాబితా వేరే పచ్చ ఫైలులో పెట్టాను.

మిషన్ రూమ్ సదయ్య అన్నది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాలుగో తేదీన రెండో కంప్రెసర్ శబ్దం మారిందని ఆయనే పట్టుకున్నాడు. మెకానిక్ 18న వస్తాడు, ఆయిల్ కూడా అప్పుడే మార్పిస్తాం. అమ్మోనియా లీకు వస్తే గాలికి అడ్డంగా బయటికి పోవాలని హమాలీలందరికీ నేను వెళ్లేలోపు ఇంకొకసారి నడిపించి చూపిద్దాం. కొత్తగా వచ్చిన ఆరుగురు దీన్ని ఒక్కసారీ చేయలేదు, అది నా వల్ల మిగిలిపోయిన పని.

ఆఫీసు ఫోన్ నంబర్ ఇక్కడే ఉంటుంది. పరకాల నుంచి ములుగు దాకా రైతులు ఆ నంబరే రాసి పెట్టుకున్నారు. 30 సాయంత్రం సిమ్ వేణు గారి చేతిలో పెడతాను. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆయన ముందే మార్చేస్తాం, గ్రూపులో ఎవరూ రాయొద్దు. వెళ్లాక నెల రోజులు రాత్రి 7 తర్వాత నా సొంత నంబర్‌కు ఫోన్ చేయండి, తెలిసింది చెప్తాను. ఏం చేయాలనే నిర్ణయం మాత్రం వేణు గారిదే. నన్నడిగి ఆయన మాట దాటొద్దు.

ఆరేళ్లలో కరెంటు పోయిన రాత్రుల్లో జనరేటర్ దగ్గర నాతో మేలుకున్నది మీరే. గుంటూరు పెద్ద మార్కెట్, మంచి అవకాశం, కాదనను. కానీ ఆర్డర్ చదివాక రాత్రి అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున 8 గంటలకు కాంటా దగ్గర కలుద్దాం. ఎవరెవరి దగ్గర రాతలో లేని లెక్కలు ఉన్నాయో, చిట్టీ అయినా సరే, తెచ్చుకోండి.

మీ
రవీందర్