46 దర్రీల ఆలస్యం: మేనేజరుకు, స్నేహితుడికి, హోటలుకు

వరంగల్ కొత్తవాడలోని మా నేత యూనిట్‌కు హైదరాబాద్ హోటల్ ఒకటి 120 దర్రీలకు, అంటే జంపఖానాలకు, ఆర్డరిచ్చింది. గడువు ఆగస్టు 22. ఆగస్టు 14 సాయంత్రం మెరూన్ అంచు దర్రీని తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ ఎర్రబడింది. రెండో దర్రీదీ అదే తీరు, మూడోదానిదీ అంతే. ఉత్పత్తి చూసేది నేను కాబట్టి ఈ కబురు ముగ్గురికీ నేనే చేరవేయాలి. 16వ తేదీన ముందు మేనేజరుకు రాశాను. ఆయనకు చదివే ఓపిక తక్కువ. ఏం కావాలో మొదటి పేరాలో లేకపోతే రెండో పేరాకు రారు.

మేనేజరుకు

విషయం: హోటల్ ఆర్డరులో 46 దర్రీల గడువు మార్పు, మీ అనుమతి కోసం

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నమస్కారం. హోటల్ ఆర్డరులో నీలి అంచు దర్రీలు 74 తయారుగా ఉన్నాయి. వాటిని 22నే ఇవ్వగలం. మెరూన్ అంచువి 46 ఆ రోజుకు అందించలేం. ఇప్పటికే నేసిన 28 దర్రీలను పక్కన పెట్టి కొత్తగా నేయించడానికి, హోటలుకు సెప్టెంబరు 9 అని తేదీ చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను. ఈ సాయంత్రంలోగా మీ మాట తెలిస్తే రేపు ఉదయమే హోటలు వారికి రాస్తాను.

మెరూన్ నూలుకు రంగు పట్టింది గానీ పైన అంటుకున్న మిగులు రంగు వదలలేదు. వ్యాట్ రంగు వేసిన నూలు చిలపలను గాలికి ఆరబెట్టి, ఆ తర్వాత సబ్బునీళ్లలో బాగా మరగబెడితేనే ఆ మిగులు పోతుంది. గత వారం వానకు రంగుల షెడ్డులో మూడు పొయ్యిల్లో రెండింటిలోకి నీరు చేరింది. ఒక్క పొయ్యి మీద మొత్తం నూలు సాగదీయాల్సి వచ్చి, మరగబెట్టే సమయం తగ్గిపోయింది. నీలి నూలు వానకు ముందే అద్దినది. వాటిలో పది దర్రీలను విడివిడిగా పరీక్షించాను, దేనికీ రంగు దిగలేదు.

ఇంకా మగ్గం ఎక్కని 18 దర్రీల నూలును మళ్లీ మరగబెట్టిస్తే సరిపోతుంది, నిన్ననే మొదలుపెట్టించాను. నేసిన 28 దర్రీలకు ఆ దారి లేదు. దర్రీని మొత్తంగా ఉడికిస్తే పడుగు కుదించుకుపోయి అంచులు వంకర తిరుగుతాయి. వాటికి తిరిగి నేసే మజూరీ దర్రీకి 600 చొప్పున 16,800 రూపాయలు, నూలు, రంగు ఖర్చు సుమారు 21,000. మొత్తం 37,800 దాకా అవుతుంది. పక్కన పెట్టిన వాటిని చన్నీళ్లలో రెండు మూడుసార్లు జాడించి, లోపం చెప్పి తక్కువ ధరకు షోరూములో అమ్మితే ఇందులో కొంత వెనక్కి వస్తుంది.

ఎనిమిది మగ్గాల మీద నేయిస్తే మన లెక్కకు సెప్టెంబరు 5కి పూర్తవుతుంది. నాలుగు రోజులు వాన కోసం విడిచిపెట్టి 9 అంటున్నాను. మరోసారి తేదీ మార్చే పరిస్థితి రాకూడదు.

రంగు మాస్టరు బిల్లులో కోత పెట్టాలన్న ఆలోచన మీకు వస్తుందని తెలుసు. నా అభిప్రాయం అడిగితే వద్దంటాను. చిలపలు తొందరగా కావాలని ఆయన మీద ఒత్తిడి తెచ్చింది మన యూనిటే. దానికి బదులు పొయ్యిల కింద రెండడుగుల ఇటుక అరుగు కట్టించడం మేలు. వచ్చే వానాకాలానికీ పనికొస్తుంది.

ఇట్లు,
విధేయుడు,
ఉత్పత్తి పర్యవేక్షకుడు, కొత్తవాడ యూనిట్

గంటలో జవాబు వచ్చింది: "సరే. 9 అని రాయండి. మాస్టరు సంగతి ఎదురుగా మాట్లాడదాం." అరుగు ఊసు లేదు. కాదనలేదు కదా అని మేస్త్రీకి ఫోను చేసి ఇటుకల లెక్క అడిగాను.

ఇక హైదరాబాద్ షోరూములో సరుకు రవాణా చూసే మిత్రుడు. నాకంటే రెండేళ్లు పెద్ద, మాదీ వాళ్లదీ ఒకటే వాడ. ఆయనకు మజూరీ లెక్కలతో పని లేదు. ఏ బండి ఆపాలో, ఏది ఎప్పుడు వస్తుందో, హోటల్ నుంచి ఫోను వస్తే ఏమనాలో తెలిస్తే చాలు. వాట్సాప్‌లో పంపింది ఇది:

షోరూములోని అన్నకు

అన్నా, 22కి మాట్లాడిన డీసీఎం ఆపించు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే సెప్టెంబరు 9కి మార్పించు, పోగొట్టుకోకు.

మెరూన్ జంపఖానాలు రంగు దిగుతున్నాయి. నీలివి బాగున్నాయి, దిగులు పడకు. మన పొయ్యిల్లోకి నీళ్లు వచ్చిన వీడియో పంపాను కదా, నువ్వు నవ్వావు కూడా. ఆ పొయ్యిల పుణ్యమే ఇది. 28 మళ్లీ నేయాలి, 18 ఇప్పుడే మగ్గం ఎక్కుతాయి.

నీలివి 74 మాత్రం అనుకున్న రోజుకే వస్తాయి. బరువు రెండు క్వింటాళ్లకు లోపే, వాటికి డీసీఎం దండగ. 21 రాత్రి ఆర్టీసీ కార్గోలో వేస్తాను, 22 పొద్దున ఎంజీబీఎస్‌లో తీసుకుని నువ్వే స్వయంగా హోటలుకు చేర్చు. అబ్బాయిని పంపి ఊరుకోవద్దు. ఈసారి మన మనిషి అక్కడ కనబడాలి. విప్పేటప్పుడు ఒక తెల్లగుడ్డ, చిన్న నీళ్ల సీసా దగ్గర పెట్టుకో. హోటల్ మేడమ్ అడగకముందే ఒక జంపఖానా తడిపి రుద్ది చూపించు.

ఇంకో మాట. హోటలుకు నేను రేపు ఉదయం రాస్తున్నాను. అప్పటిదాకా వాళ్లు ఫోను చేస్తే, "కొత్తవాడ నుంచి రేపు మీకు వివరంగా రాస్తున్నారు మేడమ్" అను, అంతే. వాన, పొయ్యి, మాస్టరు, ఏదీ ఎత్తకు. ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబితే మనం ఏదో దాస్తున్నామనుకుంటారు. తేదీ మాత్రం 9. మనలో మనకు 5కే అవుతుంది, కానీ ఆ 5 నీ నోటి నుంచి రాకూడదు. నీ సంగతి నాకు తెలుసు, ఎవరైనా కాస్త బాధగా అడిగితే "ముందే ఇచ్చేస్తాంలే" అనేస్తావు.

పాత సరుకు 28 షోరూముకే పంపుతాను, లోపం ఉన్నవిగా అమ్మడానికి. ఎక్కడ పెడతావో ఇప్పుడే చూసుకో, తర్వాత నన్ను తిట్టకు. వదినను అడిగానని చెప్పు.

"నోరు కట్టేసుకున్నాను" అని జవాబిచ్చి, కింద డీసీఎం వాడు 500 పట్టుకున్నాడని ఒక తిట్టు జోడించాడు.

హోటల్ కొనుగోళ్లు చూసే ఆవిడకు రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. ఆవిడ అడిగేది నిజానికి రెండే: ఎప్పుడొస్తాయి, వచ్చినవి బాగుంటాయా. మన పొయ్యిలు, మన మజూరీ ఆవిడ తలనొప్పి కావు. కానీ కారణం బొత్తిగా చెప్పకపోతే ఆలస్యం బద్ధకంలా కనిపిస్తుంది. అందుకని కారణంలో సరుకుకు సంబంధించినంత మేరకే రాశాను. మొదటి ప్రతిలో "భారీ వర్షాల కారణంగా" అని మొదలెట్టి, కొట్టేశాను. వాన మీద పెట్టిన ప్రతి సాకునూ ఆవిడ ఈపాటికి వినే ఉంటుంది.

హోటలుకు

విషయం: దర్రీల ఆర్డరు: ఆగస్టు 22న 74, సెప్టెంబరు 9న 46

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. మీరు ఆర్డరిచ్చిన 120 దర్రీల్లో నీలి అంచు గల 74 దర్రీలను ముందుగా అనుకున్నట్టే ఆగస్టు 22న మీ హోటలుకు అందజేస్తాం. మెరూన్ అంచు గల 46 దర్రీలను ఆ తేదీకి అందించలేకపోతున్నందుకు క్షమించగలరు. వాటిని సెప్టెంబరు 9న అందజేస్తాం.

సరుకు పంపే ముందు ప్రతి రంగు నూలునూ తడి తెల్లగుడ్డతో రుద్ది పరీక్షిస్తాం. ఈ విడత మెరూన్ నూలు ఆ పరీక్షలో నిలవలేదు. పైపైన చూస్తే దర్రీలో ఏ లోపమూ కనిపించదు. కానీ మీ గదుల నేల తెల్ల చలువరాయి. తడి పాదం పడిన చోట ఎర్రటి మరక దిగే అవకాశం ఉన్న దర్రీని ఆ నేల మీద పరచడానికి మేము ఒప్పుకోలేం. అందువల్ల ఆ నూలుతో ఇప్పటికే నేసినవాటిని మీ ఆర్డరు నుంచి తీసివేసి, పూర్తిగా కొత్తవి నేయిస్తున్నాం. దీనివల్ల మీపై అదనపు భారం ఏమీ పడదు. రెండుసార్లు పంపేందుకు అయ్యే రవాణా ఖర్చు కూడా మాదే.

వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించిన సంగతిని గదుల్లో ఉంచే పరిచయ పత్రంలో ముద్రిస్తున్నామని మీరు చెప్పారు. ఆ పత్రం పక్కన పరిచే దర్రీ ఆ పేరుకు తగ్గట్టు ఉండాలన్నది మా పట్టుదల కూడా.

22న మా షోరూము ప్రతినిధి స్వయంగా వచ్చి, మీకు నచ్చిన ఏ దర్రీనైనా మీ ఎదుటే తడిపి పరీక్షించి చూపిస్తారు. సెప్టెంబరు 9న కూడా అలాగే చేస్తాం. మెరూన్ దర్రీలు వేయదలచిన గదులను అంతకుముందే అతిథులకు ఇవ్వాల్సి ఉంటే దయచేసి తెలియజేయండి. ఆ గదులకు సరిపడా నీలి అంచు దర్రీలను తాత్కాలికంగా మా షోరూము నుంచి ఉచితంగా సమకూరుస్తాం, మెరూన్‌వి వచ్చాక వెనక్కి తీసుకుంటాం.

ఈ మార్పు మీకు సమ్మతమైతే ఒక్క మాట రాయగలరు. ఫోనులో మాట్లాడాలనుకుంటే రేపు ఉదయం పది తర్వాత ఎప్పుడైనా సరే, నేను అందుబాటులో ఉంటాను.

భవదీయుడు,
ఉత్పత్తి పర్యవేక్షకుడు, కొత్తవాడ, వరంగల్

ఉచిత దర్రీల మాట మేనేజరుకు రాసిన ఉత్తరంలో లేదు. పంపే ముందు ఫోను చేసి అడిగాను. "ఎన్ని గదులు?" అన్నారు. "పదికి మించవు" అన్నాను. "అయితే రాయండి" అన్నారు.

సాయంత్రానికి హోటల్ నుంచి జవాబు: తేదీ సమ్మతమే, ఆరు గదులకు తాత్కాలిక దర్రీలు కావాలి, 22న వచ్చే మనిషి పేరు, బండి నంబరు ముందుగా గేటులో ఇవ్వాలి. దాన్ని అన్నకు పంపుతూ కింద రాశాను:

అన్నా, షోరూము నీలివి ఆరు దులిపి పక్కన పెట్టు. 22న నువ్వు వెళ్లే ఆటో నంబరు నాకు 21 సాయంత్రంలోగా కావాలి. గుడ్డ మరిచిపోకు, తెల్లదే.