పాలసీని పునరుద్ధరించడం లేదని తెలిపే నోటీసు

తేదీ: 2025 జులై 14
రిజిస్టర్డ్ పోస్టు ద్వారా, ఈ-మెయిల్ ద్వారా

పాలసీదారు సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
పాలసీ షెడ్యూలులో నమోదైన చిరునామాకు

విషయం: గోదాము, అందులోని సరుకుపై అగ్నిప్రమాద బీమా. పాలసీ సంఖ్య 4418/0273. గడువు ముగిసే తేదీ 2025 సెప్టెంబరు 30.

అయ్యా,

పై పాలసీ గడువు 2025 సెప్టెంబరు 30 రాత్రి 11 గంటల 59 నిమిషాలకు ముగుస్తుంది. ఆ తర్వాతి కాలానికి దీనిని పునరుద్ధరించకూడదని మా సంస్థ నిర్ణయించింది.

ఇది పాలసీ రద్దు కాదు. గడువు ముగిసేదాకా బీమా రక్షణ ఇప్పుడున్నట్టే, అవే షరతులతో, అదే బీమా మొత్తంతో కొనసాగుతుంది. ఈలోగా దానిని తగ్గించము, అదనపు ప్రీమియం అడగము.

పునరుద్ధరించని పక్షంలో కనీసం 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని పాలసీలోని 11వ షరతు చెబుతోంది. ఈ రోజు నుంచి గడువు తేదీకి 78 రోజులు ఉన్నాయి. 60 రోజులను లేఖ మీకు అందిన రోజు నుంచి లెక్కించినా, తపాలాలో జాప్యం జరిగినా, మీకు దక్కాల్సిన వ్యవధి తగ్గకూడదనే ముందుగా పంపుతున్నాం.

నిర్ణయానికి కారణాలు

మొదటిది మెజనైన్ అంతస్తు. 2023లో గోదాములో కొత్తగా కట్టిన ఈ అంతస్తు మీదా, దాని కిందా స్ప్రింక్లర్లు లేవు. పైకప్పుకు ఉన్న స్ప్రింక్లర్ల నీరు మెజనైన్ పలకల మీదే ఆగిపోతుంది. కింద పేర్చిన అట్టపెట్టెలకు నిప్పంటుకుంటే నీరు అక్కడికి చేరే దారి లేదు. 2024 ఏప్రిల్ 16 నాటి తనిఖీ నివేదికలో ఈ సంగతి రాశాం. అదే ఏడాది అక్టోబరు 8న, మళ్లీ 2025 జూన్ 11న చూసినప్పుడూ పరిస్థితి మారలేదు.

రెండోది ద్రావకాల నిల్వ. జూన్ 11న ప్యాకింగ్ హాలులో, ష్రింక్ ర్యాప్ యంత్రానికి సుమారు నాలుగు మీటర్ల దూరంలో, మండే స్వభావం గల ద్రావకాల డ్రమ్ములు 14 కనిపించాయి. వాటిలో రెండింటికి మూతలు బిగించి లేవు. ఆ యంత్రం వేడితో పనిచేస్తుంది. ద్రావకాలను గోడతో వేరుపరచిన, గాలి ఆడే గదిలో ఉంచాలని పాలసీకి జతపరిచిన సిఫారసుల్లో 4వది కోరుతోంది. తనిఖీ నాటి ఫోటోలు, మీ స్టోర్స్ ఇన్‌చార్జి సంతకం చేసిన పరిశీలన పత్రం ఈ లేఖతో పంపుతున్నాం. వీటిలో ఏ వివరమైనా సరికాదని మీకు అనిపిస్తే రాసి పంపండి. దానిని ఈ ఫైలులోనే నమోదు చేస్తాం.

మూడోది డీజిల్ ఫైర్ పంపు. జూన్ తనిఖీలో బ్యాటరీ బలహీనంగా ఉండి ఇంజను స్టార్టు కాలేదు. ఇదొక్కటే అయితే ఈ లేఖ రాసేవాళ్లం కాదు. పై రెండింటితో కలిపి చూసినప్పుడే ఇది బరువైన లోపమైంది.

మీరు చేసిన పనులు మా దృష్టికి రాకపోలేదు. పాత వైరింగు మార్చారు, అగ్నినిరోధక తలుపులు బాగు చేయించారు, రాత్రి కాపలా పెంచారు. వ్యాపారం నడుస్తుండగా గోదాములో సగం ఖాళీ చేసి స్ప్రింక్లర్ పైపులు వేయించడం ఎంత కష్టమో మా తనిఖీ ఇంజినీరుకూ తెలుసు. అయినా ఇంత ముప్పును మరో ఏడాది మోయడం మా అండర్‌రైటింగ్ ప్రమాణాల ప్రకారం కుదరదు.

కారణాలు ఈ మూడే. 2022 నవంబరులో, 2024 మార్చిలో మీరు చేసిన క్లెయిములు న్యాయమైనవేనని అంగీకరించి పూర్తిగా చెల్లించాం. క్లెయిము చేయడం పాలసీదారు హక్కు. ఆ క్లెయిములు ఈ నిర్ణయానికి ఆధారం కావు. మీ సంస్థ నిజాయితీపై మాకు ఎలాంటి అనుమానమూ లేదు.

పెండింగు క్లెయిము, కొత్త క్లెయిములు

2025 మే 19 నాటి గాలివాన నష్టంపై మీ క్లెయిము సర్వేయరు వద్ద ఉంది. ఈ నోటీసుతో దానికి సంబంధం లేదు, దాని పరిష్కారం మామూలుగానే సాగుతుంది. సెప్టెంబరు 30లోగా జరిగిన నష్టాన్ని గడువు ముగిశాక తెలియజేసినా పాలసీ షరతుల మేరకు పరిశీలిస్తాం. నష్టం జరిగిన తేదీయే ప్రధానం.

పునఃపరిశీలన కోరదలిస్తే

మెజనైన్‌కు స్ప్రింక్లర్లు అమర్చి, ద్రావకాలను వేరు గదికి తరలించి, పంపు పనిచేస్తున్నట్టు పరీక్షా నివేదిక జతచేసి ఆగస్టు 20లోగా రాయండి. తనిఖీ ఖర్చు మాదే. ఆగస్టు 31లోగా రాతపూర్వకంగా జవాబిస్తాం. పనులు పూర్తయితే పాలసీ తప్పక ఇస్తామని ఇది హామీ కాదు. కానీ తాజా తనిఖీ చేయకుండా మీ అభ్యర్థనను తోసిపుచ్చము.

మరో బీమా సంస్థను చూసుకోవడానికి సమయం చాలకపోతే, సెప్టెంబరు 10లోగా కోరండి. డ్రమ్ములు ప్యాకింగ్ హాలు నుంచి తరలించారని నిర్ధారించుకున్నాక, 30 రోజులకు మించకుండా, రోజుల లెక్కన ప్రీమియం తీసుకుని ప్రస్తుత పాలసీని పొడిగిస్తాం. ఒక్కసారి మాత్రమే.

కొత్త సంస్థ ప్రతిపాదన పత్రంలో, ఇంతకుముందు ఎవరైనా పునరుద్ధరణకు నిరాకరించారా అన్న ప్రశ్న సాధారణంగా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెడితే రేపు క్లెయిము సమయంలో అదే మీకు అడ్డవుతుంది. గత ఐదేళ్ల క్లెయిముల వివరాల పత్రాన్ని ఈ లేఖతోనే పంపుతున్నాం. కొత్త సంస్థ మమ్మల్ని సంప్రదిస్తే, మీ రాతపూర్వక అనుమతి ఉంటేనే తనిఖీ నివేదికలు ఇస్తాం.

ముఖ్య గమనిక

ప్రీమియం కట్టాలని గుర్తుచేస్తూ కంప్యూటర్ ద్వారా వెళ్లే సందేశాలను ఈ పాలసీకి ఆపాం. పొరపాటున ఏదైనా వస్తే పట్టించుకోకండి. బ్యాంకు స్థాయీ ఆదేశం వల్ల వచ్చే ఏడాది ప్రీమియం మాకు జమ అయితే ఏడు పనిదినాల్లో పూర్తిగా తిరిగి ఇస్తాం. ఆ జమతో పాలసీ పునరుద్ధరించినట్టు కాదు. ఏజెంటు గానీ, మా సిబ్బంది గానీ నోటిమాటగా ఇచ్చిన భరోసా ఈ లేఖను మార్చదు. మార్పు ఏదైనా ఈ విభాగం సంతకంతో రాతలోనే వస్తుంది.

సరుకు మీ బ్యాంకుకు తాకట్టులో ఉన్నందున, గడువు తేదీని మాత్రమే బ్యాంకుకు తెలియజేస్తున్నాం. కారణాలు వారికి పంపడం లేదు.

నిర్ణయంపై అభ్యంతరం ఉంటే మా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయవచ్చు. ఆ తర్వాత పాలసీలో పేర్కొన్న వివాద పరిష్కార మార్గాలు మీకు ఎప్పటిలాగే అందుబాటులో ఉంటాయి. ఈ లేఖ మీ హక్కులను గానీ, మా హక్కులను గానీ తగ్గించదు.

ఇట్లు,
మేనేజర్, ఆస్తి బీమా పునరుద్ధరణల విభాగం

జతపరిచినవి: మూడు తనిఖీ నివేదికలు, జూన్ 11 నాటి ఫోటోలు, పరిశీలన పత్రం, క్లెయిముల వివరాల పత్రం, పాలసీ 11వ షరతు ప్రతి.