రేపు కొత్త బడికి వెళ్లే చిట్టితల్లికి, ఈ రాత్రి చదివి వినిపించే మాటలు

చిట్టితల్లీ, పడుకునే ముందు కొన్ని మాటలు చదువుతాను. వీటిలో కొన్ని మన పెద్దవాళ్లు ఎప్పటినుంచో చెప్పుకుంటున్న సామెతలు, కొన్ని నీ కోసం నేను రాసినవి. ఇవేవీ బట్టీ పట్టనక్కర్లేదు. ఏదైనా నచ్చితే ఆపు, మళ్లీ చదువుతాను.

కొత్తొక వింత, పాతొక రోత.

రేపు నువ్వు నాలుగో తరగతి గదిలోకి వెళ్లగానే అందరూ తల తిప్పి చూస్తారు. నీలో తప్పేదో కనిపించి కాదు. కొత్తగా ఎవరు వచ్చినా చూడాలనిపిస్తుంది కదా, అంతే. కాసేపటికి మళ్లీ వాళ్ల పుస్తకాల్లో, వాళ్ల కబుర్లలో పడిపోతారు.

ఈ సామెతలో రెండో సగం మాత్రం మనకి వద్దు. పాత బడి మనకి రోత కాదు. అక్కడ నీ పక్కన కూర్చున్న ఫ్రెండ్ ఇప్పటికీ నీ ఫ్రెండే. శనివారం సాయంత్రం మీ ఇద్దరికీ వీడియో కాల్ కలుపుతామని వాళ్లమ్మా నేనూ అనుకున్నాం. కొత్తవాళ్లతో ఆడుకున్నావని తను నీకు దూరమైపోదు. తను గుర్తొచ్చి ఏడుపొస్తే ఏడవచ్చు కూడా.

భయపడినంత మాత్రాన పిరికివాళ్లం కాము.

పొద్దున్న కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు. గుండె గబగబా కొట్టుకోవచ్చు. టెన్షన్ వస్తే పెద్దవాళ్లకీ అంతే. అప్పుడు ఊపిరి మెల్లగా పీల్చి, అంతకంటే మెల్లగా వదలాలి. వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకుంటే గుండె వేగం తగ్గుతుంది. ఇప్పుడు ఇద్దరం కలిసి చేద్దాం. మూడు అంకెలు లెక్కపెడుతూ పీల్చు. ఐదు అంకెలు లెక్కపెడుతూ వదులు. ఇంకొక్కసారి. రేపు బెంచీ మీద కూర్చుని ఇలా చేస్తే పక్కవాళ్లకి తెలియను కూడా తెలియదు.

అడగందే అమ్మైనా పెట్టదు.

నాకు ఈ సామెత అంటే చాలా ఇష్టం. నీకేం కావాలో చెప్పకపోతే నాకే ఒక్కోసారి తెలియదు, ఇక నిన్ను మొదటిసారి చూస్తున్న టీచర్‌కి ఎలా తెలుస్తుంది? బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఆపుకోకు, అడుగు. బోర్డు కనిపించకపోతే అడుగు. గది ఎటో తెలియకపోతే ఎవరినైనా అడుగు. వాళ్లు ఇప్పటికే చదివేసిన పాఠం నువ్వు చదివి ఉండకపోవచ్చు. అది నీ తప్పు కాదు. "మేడమ్, ఈ పాఠం మా పాత బడిలో ఇంకా చెప్పలేదు" అంటే చాలు. ఏదీ, ఒకసారి గట్టిగా అను, వింటాను.

నోరు మంచిదైతే ఊరు మంచిది.

పక్కన కూర్చున్నవాళ్లకి నీ పేరు చెప్పి, వాళ్ల పేరు అడుగు. "నేనిక్కడ కూర్చోవచ్చా?" అని అడిగాక, ఆ చోటు వేరే వాళ్లదని చెప్తే ఇంకో బెంచీ చూసుకో. వాళ్లకి నువ్వు నచ్చలేదని అనుకోకు.

అయితే నోరు మంచిదంటే అన్నిటికీ తలూపడం కాదు. ఎవరైనా తోసినా, మళ్లీ మళ్లీ ఏడిపించినా "వద్దు" అని గట్టిగా చెప్పు. వెంటనే టీచర్‌కి చెప్పు. ఇంటికొచ్చి నాకూ చెప్పు. అలా చెప్పడం చాడీ కాదు. "ఇంట్లో చెప్పకు" అని పిల్లలుగానీ పెద్దవాళ్లుగానీ అన్నారంటే, అన్నిటికంటే ముందు ఆ మాటే నాకు చెప్పాలి. నేను నిన్ను కోప్పడను.

రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు.

ఆటల పీరియడ్‌లో ఎవరైనా ఒక్కరే నిలబడి ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లు. వాళ్లూ ఎవరైనా వస్తే బాగుండునని చూస్తుండొచ్చు.

స్నేహానికి తొందర పనికిరాదు.

రేపు ఒక్క ఫ్రెండ్ కూడా దొరకకపోవచ్చు. లంచ్ అప్పుడు ఒక్కదానివే కూర్చోవాల్సి రావచ్చు. అలా జరిగితే బాధగానే ఉంటుంది, ఉండదని నేను అబద్ధం చెప్పను. కానీ రేపు నీతో మాట్లాడని అమ్మాయే వచ్చే వారం నీ కోసం పక్కన చోటు ఆపి ఉంచొచ్చు. ఒకరి పేరు తెలుసుకుని వచ్చినా రేపటికి చాలు. అదీ కుదరకపోతే ఎల్లుండి చూద్దాం.

తెలియదని చెప్పేవాళ్లే తొందరగా నేర్చుకుంటారు.

ఇది లెక్కల పీరియడ్ కోసం. నీకు తెలుసులే ఎందుకో.

పొద్దున్న నేనే నిన్ను గేటు దాకా తీసుకొస్తాను. బడి వదిలాక అదే గేటు దగ్గర, కుడివైపు నిలబడి ఉంటాను. కాస్త ఆలస్యమైనా నువ్వు లోపలే, టీచర్ దగ్గరే ఉండు, బయటికి రాకు. నా ఫోన్ నంబర్ నీ డైరీ మొదటి పేజీలో రాశాను. బయటికి రాగానే "ఎలా జరిగింది? ఎవరు కలిశారు?" అని ప్రశ్నలు వేయను. బ్యాగు నాకిచ్చేసి నడువు. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు, రాత్రయినా సరే.

నేను చదవాల్సింది అయిపోయింది. ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ, రేపటి గురించి నన్నేమైనా అడగాలనుందా?