అడ్మిన్ రోల్స్ వాడే ముందు సైన్-ఇన్ నియమాలు

ఎవరికి: విజయవాడ, గుంటూరు, ఏలూరు ఆసుపత్రుల్లో అడ్మిన్ రోల్ ఉన్న సిబ్బంది అందరికీ
పంపుతున్నది: ఐటీ సెక్యూరిటీ విభాగం, విజయవాడ
అమలు: 2025 నవంబర్ 10 నుంచి రిపోర్ట్-ఓన్లీ. నవంబర్ 26, బుధవారం ఉదయం 7 గంటల నుంచి పూర్తిగా. సోమ, మంగళవారాల్లో ఓపీ రద్దీ ఎక్కువ కాబట్టి బుధవారం పెట్టాం.

1. ఎవరికి వర్తిస్తాయి

మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో గ్లోబల్, యూజర్, ఎక్స్ఛేంజ్, షేర్‌పాయింట్, హెల్ప్‌డెస్క్, బిల్లింగ్, సెక్యూరిటీ, ఇలా ఏ బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్ రోల్ ఉన్నవారికైనా ఈ నియమాలు వర్తిస్తాయి. రోల్ పేరు చూసి పట్టే పాలసీకి రెండు చోట్ల చూపు ఆనదు. ఒకటి, మనం సొంతంగా తయారు చేసుకున్న కస్టమ్ రోల్. రెండు, ఒక్క గుంటూరు యూనిట్ వరకే ఇచ్చిన హెల్ప్‌డెస్క్ లాంటి పరిమిత రోల్. అందుకని అడ్మిన్ సిబ్బంది అందరినీ `GRP-Admins-All` గ్రూపులో కూడా చేర్చాం. మీ పేరు అందులో లేదని తెలిస్తే "తప్పించుకున్నాం" అనుకోకుండా వెంటనే చెప్పండి.

2. సాధారణ అడ్మిన్ రోల్స్: రెండో గుర్తింపు లేదా నమ్మకమైన డివైస్

పాలసీ పేరు `CA-ADM-01`. పైన చెప్పిన రోల్స్‌కీ, గ్రూపుకీ, అన్ని యాప్స్‌కీ వర్తిస్తుంది. పాస్‌వర్డ్ తర్వాత కింది మూడింటిలో ఏదో ఒకటి నిజమైతేనే లోపలికి రానిస్తుంది.

```json
"grantControls": {
  "operator": "OR",
  "builtInControls": ["mfa", "compliantDevice", "domainJoinedDevice"]
}
```

అంటే ఆసుపత్రి ఇచ్చిన, నిబంధనలు పాటిస్తున్న ల్యాప్‌టాప్ మీద ఉంటే ప్రతిసారీ ఫోన్ తీయాల్సిన పని లేదు. వేరే మెషీన్ మీద ఉంటే ఆథెంటికేటర్ అడుగుతుంది. అయితే అజూర్ పోర్టల్, ఎంట్రా, ఇంట్యూన్, మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్లలో ఈ "లేదా" చెల్లదు. అక్కడ మల్టీ-ఫ్యాక్టర్ తప్పనిసరి అని మైక్రోసాఫ్టే 2024 అక్టోబర్ నుంచి దశలవారీగా పెట్టింది. మన పాలసీ దాన్ని సడలించలేదు. విండోస్ హలో పిన్ లేదా వేలిముద్రతో ల్యాప్‌టాప్ తెరిచేవారికి అదే మల్టీ-ఫ్యాక్టర్ కింద లెక్క, కాబట్టి చాలామందికి తేడా కూడా తెలియదు.

3. పై స్థాయి రోల్స్: రెండూ కావాలి

గ్లోబల్, ప్రివిలేజ్డ్ రోల్, ప్రివిలేజ్డ్ ఆథెంటికేషన్, కండిషనల్ యాక్సెస్ అడ్మినిస్ట్రేటర్. ఈ నాలుగింటికి "లేదా" లేదు. `CA-ADM-02` పాలసీ ఫిషింగ్‌కి లొంగని గుర్తింపునూ కంప్లయింట్ డివైస్‌నూ కలిపి అడుగుతుంది. గుర్తింపు కింద ఫిడో2 సెక్యూరిటీ కీ, విండోస్ హలో, సర్టిఫికెట్ మాత్రమే చెల్లుతాయి. ఎస్సెమ్మెస్ కోడ్, ఫోన్‌లో "అప్రూవ్" నొక్కడం చెల్లవు.

"ఇంత అవసరమా" అని ఇద్దరు ముగ్గురు ఇప్పటికే అడిగారు. డివైస్ ఒక్కటే చాలనుకుంటే, వార్డులో లాక్ చేయకుండా వదిలేసిన ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అడ్మిన్. ఫోన్ ఒక్కటే చాలనుకుంటే, 2022 సెప్టెంబర్‌లో ఉబర్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక కాంట్రాక్టర్‌కి లాగిన్ రిక్వెస్టులు మీద పడుతూనే ఉన్నాయి, చివరికి ఒకటి ఒప్పేసుకున్నాడు, దాడి చేసినవాడు లోపలికి వచ్చేశాడు. ఆథెంటికేటర్‌లో నంబర్ టైప్ చేసే పద్ధతి వచ్చాక ఆ ముప్పు తగ్గింది. కానీ నకిలీ లాగిన్ పేజీలో ఆ నంబర్ కూడా చూపించవచ్చు. పాస్‌వర్డులు మార్చే, పాలసీలే తీసేసే అధికారం ఉన్న నాలుగు రోల్స్ విషయంలో ఆ సందు ఉంచడం మాకు ఇష్టం లేదు.

ఈ నాలుగు రోల్స్ ఎవరికీ శాశ్వతంగా ఉండవు. పిమ్‌లో కారణం రాసి యాక్టివేట్ చేసుకోవాలి, గరిష్ఠంగా 4 గంటలు. ఉదయం చేసిన లాగిన్ సరిపోదు. యాక్టివేట్ చేసేటప్పుడు కీ మళ్లీ అడుగుతుంది.

4. నమ్మకమైన డివైస్ అంటే

ఇంట్యూన్‌లో నమోదై, బిట్‌లాకర్, డిఫెండర్, తాజా అప్‌డేట్లు సరిగా ఉండి `Compliant` అని కనిపించేది, లేదా మన డొమైన్‌తో హైబ్రిడ్ జాయిన్ అయినది. నియమం 3 కి మొదటిది మాత్రమే చెల్లుతుంది. ఆసుపత్రి వైఫైలో ఉన్నంత మాత్రాన ఏ డివైసూ నమ్మకమైనది కాదు. ఆ వైఫైలో రోగుల బంధువుల ఫోన్లూ ఉంటాయి.

ఏ కంప్లయన్స్ పాలసీ తగలని డివైస్‌ని ఇంట్యూన్ మామూలుగా కంప్లయింట్ కిందే లెక్కేస్తుంది. ఆ సెట్టింగ్‌ని `Not compliant` కి మార్చేశాం. దీనివల్ల ఏలూరులో కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు ఎర్రగా కనిపిస్తాయి. అది పొరపాటు కాదు, వాటికి పాలసీ తగిలించాలి.

ఇన్‌కాగ్నిటో విండోలో డివైస్ వివరం వెళ్లదు. "ల్యాప్‌టాప్ మంచిదే, అయినా ఆపేస్తోంది" అని ఫోన్ చేసే ముందు మామూలు ఎడ్జ్ విండోలో ఒకసారి చూడండి.

5. పాత పద్ధతి లాగిన్లు

పాప్, ఐమాప్ లాంటి పాత ప్రోటోకాల్స్‌లో రెండో గుర్తింపు అడిగే వీలే లేదు. అడ్మిన్ ఖాతాలకు వాటిని `CA-ADM-03` పూర్తిగా ఆపేస్తుంది. టెస్టింగ్ కోసం తెరిచిన అడ్మిన్ ఖాతాలకీ మినహాయింపు లేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన చొరబాటు మొదలైంది అలాంటి చోటే: ఎంఎఫ్ఏ లేని పాత టెస్ట్ ఖాతా, దానిమీద పాస్‌వర్డ్ స్ప్రే.

స్క్రిప్టులు యూజర్ ఖాతాతో నడపకండి. వాటికి మేనేజ్డ్ ఐడెంటిటీ లేదా సర్వీస్ ప్రిన్సిపల్ వాడాలి. యూజర్ల పాలసీలు వాటికి తగలవు కాబట్టి వాటి జాబితా మా దగ్గర విడిగా ఉండాలి.

6. అత్యవసర ఖాతాలు

రెండు ఉన్నాయి. క్లౌడ్‌లో మాత్రమే ఉండేవి, ఏ మనిషి పేరు మీదా లేవు, పై మూడు పాలసీల నుంచీ మినహాయించాం. పాలసీ తప్పుగా పెట్టి మనందరం బయటే ఉండిపోతే తిరిగి లోపలికి వెళ్లే దారి ఇదొక్కటే. పోర్టల్ ఎలాగూ ఎంఎఫ్ఏ అడుగుతుంది గనుక వీటికీ సెక్యూరిటీ కీలు ఉన్నాయి. ఒకటి విజయవాడ క్యాష్ కౌంటర్ లాకర్‌లో, రెండోది గుంటూరు సూపరింటెండెంట్ గారి దగ్గర సీల్ కవర్‌లో. వీటితో ఎవరు లాగిన్ అయినా మా అందరికీ అలర్ట్ వస్తుంది. రోజువారీ పనికి వాడితే శాఖాపరమైన చర్య ఉంటుంది.

7. కీ పోయినా, ఫోన్ మారినా

ఫోన్‌లో అడిగితే రీసెట్ చేయం, గొంతు గుర్తుపట్టినా సరే. ఐడీ కార్డుతో మీ యూనిట్ ఐటీ గదికి రండి. ఒక్కసారే పనిచేసే టెంపరరీ యాక్సెస్ పాస్ ఇస్తాం, దాంతో అక్కడే కొత్త కీ నమోదు చేసుకోవాలి. రాత్రి డ్యూటీలో అయితే డ్యూటీ మేనేజర్ సాక్షిగా సంతకం చేస్తారు.

8. నవంబర్ 26 లోపు

రిపోర్ట్-ఓన్లీలో ఎవరినీ ఆపదు, ఆపి ఉండేదా లేదా అన్నది సైన్-ఇన్ లాగ్‌లో రాస్తుంది. మ్యాక్, ఫోన్ వాడేవారికి మాత్రం సర్టిఫికెట్ ఎంచుకోమని ఒక బాక్స్ రావచ్చు, కంగారు పడొద్దు. ప్రతి సాయంత్రం లాగ్ చూసి, ఆగిపోయేలా ఉన్నవారికి మేమే ఫోన్ చేస్తాం.

నియమం 3 లోని నాలుగు రోల్స్ ఉన్నవారు నవంబర్ 21 లోపు రెండేసి కీలు నమోదు చేసుకోవాలి. చేసుకోనివారి పేరు 24న పిమ్ జాబితా నుంచి తీసేస్తాం, కీ తెచ్చిన రోజు తిరిగి చేరుస్తాం.

మినహాయింపు కావాలంటే ఏ ఖాతా, ఏ పని, ఎప్పటివరకు అని రాసి యూనిట్ హెడ్ ద్వారా పంపండి. ఏదీ 7 రోజులకు మించదు. నియమం 3 కి మినహాయింపు ఇచ్చే అధికారం మాకూ లేదు, మెడికల్ డైరెక్టర్ గారు సంతకం చేయాలి.